డాంగ్‌లో మిట్టమధ్యాహ్నం 11.05కే

దేశంలో తొలి పొద్దు చూడాలని అరుణాచల్ ప్రదేశ్ తూర్పు కొసకు వెళ్లేవాళ్లకు ముందుగా ఎదురయ్యే చిక్కు పొద్దుటితో కాదు, సాయంత్రంతో. లోహిత్ లోయలో వాలాంగ్ పైన ఉండే డాంగ్ గ్రామంలో జనవరి 1న పొద్దు గూకేది 4.17కే. అదే రోజు మా తిరుపతిలో 5.56 దాకా పొద్దుంటుంది. అందుకే తేజు పట్టణం నుంచి వాలాంగ్‌కు కొండదారిలో వెళ్లేటప్పుడు ‘ఆరింటి దాకా టైముందిలే’ అన్న మన ఊరి లెక్క పనికిరాదు. చీకటి ఉండగానే తేజులో బండి కదలాలి. బయటివాళ్లు అరుణాచల్‌లో అడుగుపెట్టడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

కారణం రేఖాంశం. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది సూర్యుణ్ని అనుసరిస్తాయి. మన రాష్ట్రంలో ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. డిగ్రీకి 4 నిమిషాల తేడా. తిరుపతి ఆ రేఖకు 3 డిగ్రీలు పడమర, కాబట్టి ఇక్కడ సూర్యుడు గడియారం కంటే 12 నిమిషాలు వెనక. డాంగ్ పద్నాలుగున్నర డిగ్రీలు తూర్పు, అక్కడ 58 నిమిషాలు ముందు. రెండు ఊళ్ల మధ్య తేడా 70 నిమిషాలు.

దీన్ని కొత్త సంవత్సరం రోజుల్లో వాలాంగ్‌లో మేము కర్ర నీడతో చూశాం. మూరెడు కర్రను నిటారుగా పాతాం. నీడ బాగా పొట్టిదయ్యే క్షణం కోసం కాచుకుంటే లాభం లేదు, ఆ వేళప్పుడు నీడ పొడవు ఎంతసేపటికీ మారినట్టే ఉండదు. దానికి బదులు 10.05కు నీడ కొస దగ్గర గులకరాయి పెట్టి, కర్ర మొదలు నుంచి రాయి దాకా తాడు కొలిచి, ఆ కొలతతోనే నేల మీద వృత్తం గీశాం. నీడ ముందు పొట్టిదై, మళ్లీ పెరిగి వృత్తాన్ని తాకింది 12.05కు. రెండింటి నడిమి వేళ 11.05, అదే అక్కడి అసలు మధ్యాహ్నం. ఇదే పని ఆ రోజుల్లో తిరుపతిలో చేస్తే 12.15 వస్తుంది. రెండు చోట్లా పై లెక్క కంటే 3 నిమిషాలు ఆలస్యం, ఎందుకంటే జనవరి మొదట్లో సూర్యుడు ఎక్కడైనా సగటు లెక్కకు అంత వెనకబడతాడు. కర్ర ఏమాత్రం వాలినా లెక్క చెడుతుంది గనుక దారానికి రాయి కట్టి సరిచూసుకోవాలి.

మరి తెల్లవారి నాలుక్కే పొద్దు పొడుస్తుందంటారే, అది జనవరి సంగతి కాదు. డాంగ్ 28 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కాబట్టి అక్కడ వేసవి పగళ్లు మనకంటే పొడవు, చలికాలపు పగళ్లు మనకంటే పొట్టి. జూన్ 21న డాంగ్‌లో సూర్యోదయం 4.06కు, తిరుపతిలో 5.46కు: గంటా నలభై నిమిషాల తేడా. జనవరి 1న అదే 5.53, 6.35: తేడా 42 నిమిషాలే. రేఖాంశం ఇచ్చే 70 నిమిషాలకు వేసవి అరగంట కలుపుతుంది, చలికాలం దాదాపు అంతే కోసేస్తుంది. పాపం, నాలుగింటి పొద్దు వచ్చేది సరిగ్గా వానలకు కొండచరియలు విరిగిపడి దారులు మూసుకునే నెలల్లోనే.

ఇంకో మాట. కొత్త సంవత్సరం తొలి పొద్దు డాంగ్‌లోనే అని ఊదరగొడతారు గానీ, ఆ రోజు నికోబార్ దీవుల్లోని కచ్చల్‌లో 5.30కే సూర్యోదయం. రేఖాంశంలో కాస్త పడమరే అయినా, దక్షిణాన ఉంది గనుక చలికాలంలో అక్కడ పగలు పొడవు. వేసవిలో మాత్రం ఆ ఘనత డాంగ్‌దే.

పైగా 5.53 అన్నది అడ్డంకి లేని దిగంతానికి కట్టిన లెక్క. లోయలో కొండలు అడ్డం. చెయ్యి బారుగా చాచి పిడికిలి పట్టితే అది సుమారు 10 డిగ్రీలు. తూర్పు శిఖరం ఒక పిడికిలి ఎత్తుంటే సూర్యుడు దాన్ని దాటి రావడానికి దాదాపు 55 నిమిషాలు పడుతుంది. ఆకాశం తెల్లబడినా ముఖం మీద ఎండ పడకపోతే కారణం అదే. జనం వాలాంగ్‌లోనే ఉండిపోకుండా చీకట్లో డాంగ్ మిట్టకు ఎక్కేది ఈ పిడికిళ్లను తగ్గించుకోవడానికే.

తిరుగుదారిలో అస్సాం తేయాకు తోటలు తగులుతాయి. వాటిలో కొన్ని దేశపు టైము కంటే గంట ముందు నడిచే ‘బాగాన్ టైము’ను పాటిస్తాయి. పొద్దు పోకముందే ఆకు కోత ముగించాలి కదా! 2018లో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు ఈశాన్యానికి, అండమాన్ నికోబార్ దీవులకు ఇలాగే గంట ముందుండే రెండో సమయం పెట్టొచ్చని ప్రతిపాదించారు. పశ్చిమ బెంగాల్, అస్సాం సరిహద్దు దగ్గర గీత గీస్తే, అక్కడ రైలు పట్టాలు దాటే చోట్లు తక్కువ గనుక గడియారం మార్చే పని సులువన్నది వాళ్ల వాదన. రైళ్ల విషయంలో ఒక్క పొరపాటు జరిగినా ప్రమాదమేనన్నది ఎదుటివాళ్ల భయం. ఆ ప్రతిపాదన అమలు కాలేదు. కాబట్టి తోటలో ఎవరైనా ‘ఎనిమిదింటికి రండి’ అంటే తోట టైమా, మామూలు టైమా అని అడిగి కనుక్కోవాలి.