నీళ్లు పోశాక రంగు ఏమైంది?

ఫుడ్ ఎనలిస్ట్ పరీక్షకు మొదటిసారి చదివినప్పుడు కల్తీ టెస్టులన్నీ ఒక పట్టికగా రాసుకున్నాను. ఎడమ పక్క కల్తీ పదార్థం, కుడి పక్క రంగు. పసుపు పొడిలో కలిపే మెటానిల్ ఎల్లో అనే రంగు అంటే గులాబీ, పిండి అంటే నీలం, యూరియా అంటే పసుపు. తర్వాత ఒక మాక్ టెస్టులో ఈ ప్రశ్న వచ్చింది: పసుపు పొడిలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే గులాబీ రంగు వచ్చింది, నీళ్లు పోయగానే పోయింది, దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? మెటానిల్ ఎల్లో ఉందని పెట్టాను. లేదన్నది సరైన జవాబు. ఆ ఒక్క మార్కు కోసం వెనక్కి వెళ్లి చదివితే నా పట్టిక మొత్తం మార్చాల్సి వచ్చింది.

అసలు పసుపులోనే కర్క్యుమిన్ ఉంటుంది. గాఢ ఆమ్లం తగిలితే అది కూడా ఎర్రబారుతుంది. కాబట్టి గులాబీ రంగు కనబడగానే కల్తీ అని రాయకూడదు. తేడా బయటపడేది నీళ్లు పోసినప్పుడే. ఆమ్లం బలం కాస్త తగ్గగానే కర్క్యుమిన్ మళ్లీ పసుపు రంగుకు వచ్చేస్తుంది. మెటానిల్ ఎల్లో మాత్రం ఎర్రగానే ఉంటుంది, ఎందుకంటే అది పీహెచ్ 1.2 వరకు ఎర్రగా ఉండే ఇండికేటర్.

ఇది లెక్క వేసి చూసుకుంటే ఇక మర్చిపోరు. అయిదు చుక్కల ఆమ్లం సుమారు 0.25 మి.లీ. అది 12 నార్మల్ కాబట్టి అందులో ఆమ్లం 3 మిల్లీ ఈక్వివలెంట్లు. 10 మి.లీ. నీళ్లు పోస్తే బలం దాదాపు 0.3 నార్మల్‌కు, అంటే పీహెచ్ 0.5 దగ్గరికి వస్తుంది. కర్క్యుమిన్ ఎరుపు నిలవడానికి ఈ బలం చాలదు, మెటానిల్ ఎల్లోకు మాత్రం సరిపోతుంది.

అదే లెక్కలో ఒక చిక్కు కూడా దొరుకుతుంది. పసుపులో సుద్దపొడి కూడా కలిపి ఉంటే అది ఆమ్లాన్ని తినేస్తుంది. 0.15 గ్రాముల సుద్ద చాలు, ఆ 3 మిల్లీ ఈక్వివలెంట్లూ అయిపోతాయి. అప్పుడు మెటానిల్ ఎల్లో ఉన్నా గులాబీ నిలవదు. చుక్కలు వేయగానే బుసబుసమని నురుగు వచ్చిందా అని ముందు చూడాలి. వస్తే నురుగు ఆగేదాకా ఆమ్లం వేసి, ఆపైన ఇంకొన్ని చుక్కలు వేశాకే రంగు చూడాలి. పసుపులో కలిపే ఇంకో రంగు లెడ్ క్రోమేట్ ఈ టెస్టులో తేలదు, దానికి వేరే టెస్టు ఉంది. ఆప్షన్లలో మెటానిల్ ఎల్లోనూ దీన్నీ పక్కపక్కనే పెడతారు, జాగ్రత్త.

నూనెల దగ్గరికి వస్తే నువ్వుల నూనెను పట్టుకునే బాడౌయిన్ టెస్టులోనూ నీళ్లు పోసే ఇదే మెట్టు ఉంది. మన దేశంలో వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలన్న నియమం పెట్టింది నెయ్యిలో వనస్పతి కలిపితే పట్టుకోవడానికే. కరిగించిన నెయ్యి 5 మి.లీ., గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 5 మి.లీ., 2 శాతం ఫర్‌ఫ్యూరాల్ ద్రావణం 0.4 మి.లీ. కలిపి రెండు నిమిషాలు గట్టిగా కుదిపి వదిలేయాలి. ఆమ్లం పొర గులాబీ లేదా ఎరుపు రంగుకు మారితే 5 మి.లీ. నీళ్లు పోసి మళ్లీ కుదపాలి. రంగు నిలిస్తే నువ్వుల నూనె ఉన్నట్టు, పోతే లేనట్టు. నేను చాలాసార్లు ఈ చివరి మెట్టు రాయకుండానే జవాబు ముగించాను.

నెయ్యికి రంగు వేసి ఉంటే అది కూడా ఆమ్లంతో ఎర్రబడవచ్చు. అందుకే ఫర్‌ఫ్యూరాల్ లేకుండా ఆమ్లంతో ఒకసారి కుదిపి చూడటం మంచిది. ఇంకో మాట. టెస్టు నెగెటివ్ వచ్చిందని నెయ్యి శుద్ధమైనదని రాయకండి. పామాయిల్, జంతువుల కొవ్వు కలిపితే ఈ టెస్టుకు దొరకవు. పాజిటివ్ వచ్చినా అది చెప్పేది నువ్వుల నూనె ఉందని మాత్రమే.

పాలలో యూరియా ప్రశ్నకు నీళ్లు సాయపడవు. 5 మి.లీ. పాలకు, యూరియాతో పసుపు రంగు ఇచ్చే డీఎంఏబీ అనే రసాయన ద్రావణం అంతే కలిపితే స్పష్టమైన పసుపు రంగు రావాలి అని చదువుతాం. కానీ పాలలో సహజంగానే కొంత యూరియా ఉంటుంది. మన ప్రమాణాల ప్రకారం 100 మి.లీ.లో 70 మి.గ్రా. వరకు అనుమతి. అందుకే మంచి పాలు కూడా లేత పసుపు చూపిస్తాయి. ఇక్కడ పక్కన ఇంకో టెస్ట్ ట్యూబ్‌లో నమ్మకమైన పాలు పెట్టి పోల్చాల్సిందే. ప్రాక్టికల్ రికార్డులో ఆ రెండో ట్యూబ్ గురించి ఒక వాక్యం రాయండి. నేను ఇప్పుడు నా పట్టికలో రంగు పక్కన ఇంకో గడి గీసి, కల్తీ లేని పదార్థం అదే టెస్టులో ఏం చూపిస్తుందో అందులో రాసుకుంటున్నాను.