వైఫై స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టాలనుకున్నప్పుడు నా అనుభవం

నా చిన్న డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీకి ఉన్న ఎం.2 స్లాట్ ఒక్కటే, అదీ నిండిపోయింది. నెట్ ఎలాగూ కేబుల్‌తోనే వాడతాను కాబట్టి, వైఫై కార్డు తీసేసి ఆ చోట ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టొచ్చా అని చూశాను. సైజు చూస్తే ఆశ పుడుతుంది మరి: వైఫై కార్డూ, 2230 రకం ఎస్‌ఎస్‌డీ రెండూ 22 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. పొడవే.

రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా పిన్నుల అంచులో కనిపించింది. ఎస్‌ఎస్‌డీకి ఒక చివర, 59 నుంచి 66 పిన్నులు ఉండాల్సిన చోట గాడి ఉంది. అది ఎం-కీ. వైఫై కార్డుకు రెండో చివర వైపు రెండు గాళ్లున్నాయి, ఎ-కీ, ఇ-కీ. మదర్‌బోర్డు మీది వైఫై స్లాట్‌లో 24 నుంచి 31 వరకు ప్లాస్టిక్ దిమ్మ అడ్డం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీకి సరిగ్గా అక్కడ గాడి లేదు, కాబట్టి లోపలికి దిగదు. బలవంతం చేస్తే విరిగేది స్లాటే.

ఆ అడ్డు ఊరికే పెట్టలేదు. 47, 49 పిన్నుల్లో ఇ-కీ స్లాట్ క్లాక్ సిగ్నల్ పంపిస్తుంది. ఎం-కీలో అవే పిన్నులు డేటావి. కరెంటూ అంతే: ఎం-కీలో 3.3 వోల్టులకు 9 పిన్నులుంటే, ఇ-కీలో 4 మాత్రమే.

పిన్నులను సరైన చోటికి మళ్లించే అడాప్టర్లు దొరుకుతాయి. అయితే స్లాట్‌లో పీసీఐఈ లైను ఉంటేనే అవి పనికొస్తాయి. ముందు ఇది చూశాను:

```
lspci | grep -i network
```

ఇంటెల్ కార్డు `00:14.3` దగ్గర కనిపిస్తే అది సాధారణంగా సీఎన్‌వీఐ రకం. అంటే వైఫైలో సగం పని చిప్‌సెట్‌లోనే జరుగుతుంది, కాబట్టి స్లాట్‌కు పీసీఐఈ ఉందన్న భరోసా లేదు. నాది `02:00.0` అని వచ్చింది, అంటే లైను ఉన్నట్టే.

అడాప్టర్ పెట్టి, పొట్టి రిబ్బన్ కేబుల్‌తో ఎస్‌ఎస్‌డీని పక్కకు బిగించాను. విప్పిన యాంటెన్నా తీగల కొసలు బోర్డుకు తగలకుండా టేపు చుట్టాను. తర్వాత `sudo lspci -vv`లో ఎస్‌ఎస్‌డీ దగ్గర ఈ లైను కనిపించింది:

```
LnkSta: Speed 8GT/s, Width x1 (downgraded)
```

నాలుగు లేన్ల ఎస్‌ఎస్‌డీ ఒక్క లేను మీద నడుస్తోందన్నమాట. ఆ లెక్కన వేగం సెకనుకు 985 మెగాబైట్లు దాటదు. బ్యాకప్‌లకు, ఫొటోలకు నాకది చాలు. సిస్టమ్ మాత్రం పాత ఎస్‌ఎస్‌డీలోనే ఉంచాను, ఎందుకంటే వైఫై స్లాట్‌లోని డ్రైవ్ నుంచి బూట్ కావడానికి అన్ని బయోస్‌లూ ఒప్పుకోవు.

వైఫైతో పాటు బ్లూటూత్ కూడా పోయింది, ఆ కార్డులోదే కదా. కీబోర్డు కోసం యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకున్నాను. ఇదే పని తిరగేసి, అడాప్టర్‌తో వైఫై కార్డును ఎస్‌ఎస్‌డీ స్లాట్‌లో పెడితే వైఫై వస్తుంది గానీ బ్లూటూత్ రాదు. అది నడిచేది యూఎస్‌బీ మీద, ఎం-కీలో యూఎస్‌బీ పిన్నులుండవు. విడిగా యూఎస్‌బీ వైరు ఉన్న అడాప్టర్ అయితే ఆ ఇబ్బంది లేదు.