రొయ్యల అగ్రిమెంట్: ఎక్కడిదాకా చూశాను, ఏం మిగిలింది

తమ్ముడూ, నాన్నగారి కంటి ఆపరేషన్ ముందుకు జరగడంతో ఉన్నపళంగా దుబాయ్ నుంచి భీమవరం వచ్చేశాను, అందుకే రొయ్యల అగ్రిమెంట్ సగంలో నీ మీద పడింది. పదకొండో క్లాజు దాకా చూసేశాను. పన్నెండు నుంచి పద్దెనిమిది, చివరి రెండు షెడ్యూళ్లు నువ్వు చూడాలి.

అన్నిటికంటే ముందు ఒకటో షెడ్యూల్‌లో కౌంట్ సంగతి తేలాలి. తలతో ఉన్న రొయ్యకీ తల తీసిన రొయ్యకీ ఒకే కాలమ్‌లో కౌంట్ వేశారు, కేజీకా పౌండుకా అన్నది ఎక్కడా లేదు. మన చెరువు గట్టు మీద నలభై కౌంట్ అంటే కేజీకి నలభై రొయ్యలు అని అందరికీ తెలిసిందే, కానీ ఎగుమతిలో తల తీసిన సరుకుని మామూలుగా పౌండుకి లెక్కకడతారు. కేజీకి 40 అంటే రొయ్య 25 గ్రాములు, అదే పౌండుకి 40 అయితే 11 గ్రాములు కొంచెం పైన, అంటే సగం కూడా ఉండదు. ఆ అంకె చూసి కొనేవాడు ఒకటి అనుకుంటాడు, అమ్మేవాడు ఇంకొకటి అనుకుంటాడు, కంటైనర్ దిగాక గొడవ. మనకి తెలుసు కదా అని నువ్వే కేజీ అని రాసేయకు, అర్థం మార్చే అధికారం మనకి లేదు. మార్జిన్‌లో ప్రశ్న పెట్టి లాయరుగారికి పంపు.

రెండోది, బిజినెస్ డే నిర్వచనం. పాత టెంప్లేట్ నుంచి తెచ్చినట్టున్నారు, శుక్ర శనివారాలు సెలవు అని ఉంది. దుబాయ్‌లో ప్రభుత్వ ఆఫీసులకి 2022 జనవరి నుంచి శని ఆదివారాలే సెలవు. సరుకు బాగోలేకపోతే రెండు బిజినెస్ డేల్లో నోటీసివ్వాలని ఏడో క్లాజు. బుధవారం సరుకు అందితే పాత లెక్కన గడువు ఆదివారం, అంటే ఆఫీసు మూసి ఉన్న రోజున పడుతుంది, కొత్త లెక్కన అయితే శుక్రవారమే అయిపోతుంది. ఇదీ ప్రశ్నగానే పంపాలి.

ఇక నీకు ఎక్కువ టైం పట్టేది క్లాజు నంబర్లు. ఆ ఏడో క్లాజు రెండో డ్రాఫ్ట్‌లో కొత్తగా దూర్చారు, దాంతో కింద ఉన్నవన్నీ ఒక్కో నంబరు జరిగాయి. చెల్లింపుల క్లాజు ఇప్పుడు పది, కానీ పన్నెండులో ఇంకా తొమ్మిది అనే ఉంది. వర్డ్‌లో Ctrl+A, F9 కొడితే ఆటోమేటిక్‌గా పెట్టినవి సరవుతాయి, చేత్తో టైప్ చేసినవి కావు. నంబరు మీద క్లిక్ చేసినప్పుడు బూడిద రంగు రాకపోతే అది చేత్తో కొట్టిందని అనుమానించు. అసలు భరోసా కావాలంటే క్లాజు అనే మాట వెతుకుతూ, ప్రతి చోటా ఆగి, అది చెప్పే క్లాజు తెరిచి చదవడం ఒక్కటే దారి. నంబరు ఉంటే చాలదు, అక్కడ ఉన్న విషయం కూడా కలవాలి.

నా మార్కింగ్స్ అన్నీ ట్రాక్ ఛేంజెస్‌లో ఉన్నాయి, లాయరుగారి జవాబు రాకుండా ఏదీ యాక్సెప్ట్ చేయకు. ఫోన్ చేయాలంటే నీ టైం ప్రకారం సాయంత్రం ఆరు తర్వాత చెయ్యి, ఇక్కడ ఏడున్నర అవుతుంది, అప్పటికి ఆసుపత్రి పని అయిపోతుంది.