డికాక్షన్ రంగు మూత్రం, సీయూఈ రిపోర్టులో రెండు వరసలు

నాకు వచ్చిన జబ్బు పేరు రాబ్డోమయోలిసిస్. ఒంట్లో కండరాల పోగులు ఒక్కసారిగా చితికిపోయి, వాటిలో ఉండే మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం రక్తంలోకి వచ్చేస్తుంది. కిడ్నీలు దాన్ని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. కొంచెమైతే ఫర్వాలేదు. ఎక్కువైతే కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో గడ్డకట్టి అడ్డం పడుతుంది, కిడ్నీ పని ఆగిపోవచ్చు. బయటికి కనిపించేది మాత్రం మూత్రం రంగు మారడమే. ఆ రంగు చూసి మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో జబ్బు పేరు చెప్పారు.

మాది రాజమండ్రి. బ్యాంకు ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. చాలా ఏళ్ల తర్వాత ఆ వేసవిలో జిమ్‌లో చేరాను. మొదటిరోజు ఆదివారం. బస్కీలు, తర్వాత బరువు పట్టుకుని స్క్వాట్లు, మళ్లీ బస్కీలు. పక్కన కుర్రాళ్లు చేస్తుంటే నేనూ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట ధారగా కారింది. సోమవారం తొడలు నొప్పెట్టాయి, అది అందరికీ తెలిసిందే. సాయంత్రానికి మాత్రం కమోడ్ మీద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోయాను. తొడలు ఉబ్బి, చేత్తో నొక్కితే గట్టిగా తగులుతున్నాయి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ ఇంజక్షన్ చేసి, అవే మాత్రలు ఇచ్చాడు. రాత్రి నిద్ర పట్టింది.

మంగళవారం పొద్దున మూత్రం చూస్తే డికాక్షన్ రంగు. మంట లేదు, జ్వరం లేదు, పోయడంలో కష్టమూ లేదు. ఆ రంగు ఒక్కటే తేడా. మా పెద్దమ్మగారి అబ్బాయి విశాఖలో కిడ్నీ డాక్టరు, మేమంతా అన్నయ్య అంటాం. బాత్రూంలో నీలం ప్లాస్టిక్ మగ్గులో పట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. కంటికి నల్లగా కనిపించింది ఫోటోలో ఏదో ముదురు ఆకుపచ్చలా పడింది. ఫ్లాష్ వేసి తీస్తే లేత గోధుమరంగు. ట్యూబ్‌లైట్ వెలుగుకి తగ్గట్టు ఫోనే రంగులు సర్దేస్తుందని, మగ్గు నీలం కూడా కలుస్తుందని అన్నయ్య తర్వాత చెప్పాడు.

ఈలోపు అమ్మ తేల్చేసింది. "కామెర్లురా. మొన్న పెళ్లిలో నీళ్లు తాగావుగా." మా వైపు మూత్రం ముదిరితే ముందు గుర్తొచ్చేది పచ్చకామెర్లే, తర్వాత పసరు మందు. మామయ్య అప్పుడే ఫోన్‌లో ఎవరికో చెప్పి, రేపు తెల్లవారుజామున పరగడుపున వెళ్లాలని ఏర్పాటు కూడా చేశాడు. మా ఆవిడ వాదన వేరు. "ఎండలో తిరిగారు కదండీ, వేడి చేసింది. సబ్జా నీళ్లు తాగండి." ఆమె మాటలో కొంత నిజం ఉంది. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి ముదురు పసుపు అవుతుంది. అయితే అది పసుపులోనే ముదురుతుంది. నాలుగైదు గ్లాసుల నీళ్లు తాగితే తర్వాతి రెండు సార్లకి తేలికపడుతుంది. నాది గోధుమ, నలుపు కలిసిన రంగు. నీళ్లు తాగాక కూడా అలాగే ఉంది.

అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆ మగ్గు ఫోటోతో నాకేం తెలీదు. తెల్ల గాజుసీసాలో పట్టు, కిటికీ దగ్గర పగటి వెలుగులో వెనక తెల్ల కాగితం పెట్టి తియ్యి, ఫ్లాష్ వద్దు. కమోడ్‌లో నీళ్లు కలిశాక తీసింది అస్సలు పనికిరాదు." అలా తీసి పంపాను. చూసి రంగు గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. నిన్న, మొన్న ఏం చేశావు, ఏ మందులు వేసుకున్నావు, మూత్రం ఎంత వస్తోంది, తొడలెలా ఉన్నాయి అని అడిగాడు. జిమ్ మాట వినగానే, "ఆ నొప్పి మాత్రలు ఆపెయ్. ఇప్పుడే వెళ్లి సీయూఈ, సీపీకే, క్రియాటినిన్, పొటాషియం చేయించు. సాయంత్రం దాకా ఆగకు" అన్నాడు. డైక్లోఫెనాక్ లాంటి మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయట. అసలే మయోగ్లోబిన్‌తో తంటాలు పడుతున్న కిడ్నీకి అది రెండో దెబ్బ.

సీయూఈ అంటే మామూలు యూరిన్ పరీక్షే. ఊళ్లో ఏ ల్యాబ్‌లోనైనా చేస్తారు, గంటలో కాగితం చేతికొస్తుంది. ఆ కాగితం మీద రెండు వరసలు ఒకదానికొకటి పొసగలేదు. మూత్రంలో ముంచితే రంగు మారే పట్టీ పరీక్షలో 'బ్లడ్' ఎదురుగా మూడు ప్లస్సులు. కింద మైక్రోస్కోపు భాగంలో ఎర్రకణాలు 0-2, అంటే దాదాపు లేనట్టే. రక్తం అంతగా ఉంటే కణాలెక్కడికి పోయాయి? ల్యాబ్ అబ్బాయి కూడా అనుమానమొచ్చి రెండోసారి చూశాడు. సంగతేమిటంటే ఆ పట్టీకి రక్తకణం తెలియదు. కణంలో ఉండే హీమ్ అనే ఇనుము ఉన్న భాగానికే అది రంగు మారుతుంది. హీమ్ మయోగ్లోబిన్‌లోనూ ఉంటుంది. పట్టీ రక్తం ఉందంటోంది, మైక్రోస్కోపు కణాలు లేవంటోంది అంటే కండరాన్ని అనుమానించాలి. పగిలిపోయిన రక్తకణాల హిమోగ్లోబిన్ వల్ల కూడా ఇలా రావచ్చు కాబట్టి రక్తపరీక్షతో తేల్చుకుంటారు. మామూలు రక్తస్రావమైతే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పగానే కణాలు అడుక్కి దిగి పైన నీరు తేటపడుతుంది. నాది తిప్పాక కూడా పైన అదే గోధుమరంగు.

అదే కాగితంలో బైల్ పిగ్మెంట్స్ 'నిల్'. కామెర్లతో మూత్రం ముదిరితే అక్కడ పాజిటివ్ రావాలి. రక్తపరీక్షలో ఎస్‌జీవోటీ తొమ్మిది వందలు దాటేసరికి, "నేను చెప్పలా, లివరే" అంది అమ్మ. కానీ ఎస్‌జీవోటీ కండరంలోనూ ఉంటుంది. బిలిరుబిన్ 0.8, అంటే మామూలే. కండరం చితికితే రక్తంలోకి వచ్చే ఎంజైమ్ సీపీకే మాత్రం 58,000. మగవాళ్లకి మామూలుగా దాదాపు 200 లోపు ఉంటుంది, 1000 దాటితే ఈ జబ్బుగా చూస్తారు, 5000 దాటితే కిడ్నీల గురించి గట్టిగా జాగ్రత్త పడతారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7, పొటాషియం 5.3, రెండూ మామూలు కంటే ఎక్కువే. పసరు మందు ప్రయాణం ఆగింది. పొద్దున్నే బయల్దేరి వెళ్లుంటే ఆ రోజంతా పత్యంలో పోయేది.

ఆస్పత్రిలో చేరాను. వైద్యం వినడానికి చాలా చిన్నది, సెలైన్. కానీ లెక్క ప్రకారం. గంటకి 200 నుంచి 300 మిల్లీలీటర్ల మూత్రం వచ్చేలా డ్రిప్ వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. కొలపాత్రలో పట్టడం, సిస్టర్ రాసుకోవడం, రాత్రీ పగలూ ఇదే పని. ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల్లో చేరుతోందేమోనని పూటపూటా స్టెత్ పెట్టి చూసేవారు. నా ముఖం ఉబ్బింది. తొడల్ని కూడా నొక్కి చూసి, పాదాల్లో తిమ్మిరి ఉందా, వేళ్లు కదులుతున్నాయా అని అడిగేవారు. వాపు లోపలే బిగిసి రక్తప్రసరణ ఆగితే ఆపరేషన్ చేసి కండరం మీది పొర చీల్చాలట. నాకంత అవసరం రాలేదు.

చూడటానికొచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరిబోండాలు తెచ్చారు. ఒక్కటీ తాగనివ్వలేదు. చితికిన కండరంలోంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది, అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లలో, అరటిపండులో అదే ఉంటుంది. నీరసం అనగానే మనవాళ్లు ముందు చేతికిచ్చేవి ఈ రెండే. రోజూ ఈసీజీ తీసింది కూడా దానికోసమే.

పక్క మంచం పెద్దాయన కథ వేరు. ఆయనకి కొన్ని నెలల కిందట ఒకసారి మూత్రం ఎర్రగా వచ్చిందట, నొప్పి లేకుండా. మర్నాటికి మామూలైపోయింది. వేడి చేసిందనుకున్నారు. మళ్లీ వచ్చేసరికి మూత్రాశయంలో కంతి బయటపడింది. చుట్ట అలవాటు ఉన్న మనిషి. నన్ను చూడటానికి వచ్చిన అన్నయ్య, ఆ పెద్దాయన బయటికి వెళ్లాక నాతో అన్నాడు: "నీలాంటివాడు భయపడి వస్తాడు. నొప్పి లేకుండా ఎర్రగా వచ్చి, దానంతటదే తగ్గినవాడే రాడు. నలభై దాటినవాళ్లు, సిగరెట్టో చుట్టో కాల్చేవాళ్లు ఒక్కసారి కనిపించినా సీయూఈ చేయించుకోవాలి, రక్తమని తేలితే స్కానింగ్, అవసరమైతే లోపల గొట్టంతో చూడాలి." బీట్‌రూట్ తిన్నా, టీబీ మందు రిఫాంపిసిన్ వేసుకున్నా ఎర్రగా, నారింజగా వస్తుందనీ, అప్పుడు పట్టీలో రక్తం కనిపించదనీ చెప్పాడు. మసకగా, మబ్బుగా వస్తే ఒక్కోసారి ఫాస్ఫేట్ లవణాల వల్ల కావచ్చు, దానికి కంగారు లేదు. మంట, చలిజ్వరం, నడుం పక్కన నొప్పి తోడైతే మాత్రం యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే అదే రోజు యూరిన్ కల్చర్‌కి ఇవ్వాలి.

వార్డులో నేను రోజూ సీసా ఫోటో తీసేవాణ్ణి, కిటికీ దగ్గర, తెల్ల కాగితం ముందు. గురువారానికల్లా నీళ్లలా లేతగా అయిపోయింది. ఇంక ఇంటికెళ్లొచ్చని మా ఆవిడ సంచీ సర్దింది. ఆ రోజు సీపీకే ముప్ఫై ఎనిమిది వేలు! మయోగ్లోబిన్ గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది, సీపీకే మాత్రం రోజుల తరబడి మెల్లగా దిగుతుంది. పైగా లీటర్లకి లీటర్లు సెలైన్ ఎక్కిస్తుంటే ఎవరి మూత్రమైనా లేతగానే ఉంటుంది. ముదురు రంగు నన్ను ఆస్పత్రికి తోలినంత గట్టిగా లేత రంగు ఇంటికి పంపలేదు. సీపీకే 5000 లోపుకి దిగి, సెలైన్ ఆపాక కూడా పెరగలేదని చూసుకున్నాకే డిశ్చార్జి చేశారు. అప్పటికి క్రియాటినిన్ 1.0.

ఇంటికొచ్చాక కొన్ని వారాలు నడక మాత్రమే. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు వణికేవి. సీపీకే పూర్తిగా మామూలయ్యాక బరువుల్లేకుండా కొద్దికొద్దిగా బస్కీలు మొదలుపెట్టాను. ఆ వారమంతా పొద్దున్నే రంగు చూసుకునేవాణ్ణి. జిమ్ కోచ్‌కి నా రిపోర్టు చూపిస్తే, కొత్తగా చేరినవాళ్లకి మొదటివారం కాళ్ల వ్యాయామం సగానికి తగ్గించాడు. కొద్దిపాటి శ్రమకే ఇలా మళ్లీ జరిగితే పుట్టుకతో వచ్చే కండరాల ఎంజైమ్ లోపం ఉందేమో వెతకాలని అన్నయ్య చెప్పి ఉంచాడు. మళ్లీ రాలేదు, ఆ పరీక్షల దాకా వెళ్లలేదు.