జీతం ఒక రోజు ఆలస్యమైతే నేను రాసిన రెండు మెయిళ్లు

ఒకటో తారీఖు పొద్దున తొమ్మిదిన్నరకి ఒకాయన నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మేడమ్, నాకొక్కడికేనా, అందరికీనా?" అని అడిగారు. ఏంటండీ అన్నాను. "జీతం పడలేదు" అన్నారు. అప్పటిదాకా ప్రశాంతంగా టీ తాగుతున్నాను.

బ్యాంకు పోర్టల్ తెరిస్తే మా జీతాల ఫైల్ పక్కన ఎర్రగా Rejected అని ఉంది. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికే తిప్పి కొట్టేశారట, ఆ సమాచారం ఎవరూ చూడని పాత మెయిల్ ఐడీకి వెళ్లి కూర్చుంది. తప్పు ఎక్కడో వెతకడానికి పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే తప్పు నాదే. ఫైల్ తయారయ్యాక, ఉద్యోగం మానేసిన ఒకరి పేరు అందులో ఉందని గమనించి ఆ ఒక్క వరుస చేత్తో తీసేశాను. కానీ ఫైల్ మొదటి లైన్‌లో మొత్తం ఎంతమంది, మొత్తం ఎంత డబ్బు అని ఉంటుంది కదా, అది మార్చలేదు. పైన 212 మంది, లోపల 211 మంది. లెక్క కలవకపోతే బ్యాంకు సిస్టమ్ ఆ ఒక్కరినే వదిలేయదు, మొత్తం ఫైలునే వెనక్కి పంపిస్తుంది.

టెన్షన్‌లో పదిన్నరకే ఒక మెయిల్ కొట్టేశాను. "బ్యాంకు వైపు సాంకేతిక కారణాల వల్ల జీతాలు ఆలస్యమయ్యాయి, ఈ సాయంత్రంలోగా జమ అవుతాయి, అసౌకర్యానికి చింతిస్తున్నాం." సార్ కూడా అలాగే రాయమన్నారు, నేనూ బుర్ర వాడలేదు. ఆ మెయిల్‌లో రెండు అబద్ధాలు: కారణం, టైము. రెండోది అప్పటికి అబద్ధమని నాకు తెలియదనుకోండి.

ఫైల్‌ని మళ్లీ చేత్తో దిద్దుతానంటే, దానికి ఆమోదం ఇవ్వాల్సినవాళ్లు ఒప్పుకోలేదు, పేరోల్ సాఫ్ట్‌వేర్‌లోంచి కొత్తగా తీయమన్నారు, న్యాయమే. ఆ పేరు సాఫ్ట్‌వేర్‌లోనే ఆపి, మళ్లీ రన్ చేసి, పాత ఫైలుతో వరుస వరుసా సరిచూసి అప్‌లోడ్ చేసేసరికి మూడు దాటింది. ఆమోదం పడింది 4:10కి. ఆ రోజు చెల్లింపులకి బ్యాంకు గడువు సాయంత్రం నాలుగింటి వరకే. పది నిమిషాలు! బ్యాంకుకి ఫోన్ చేస్తే, మర్నాడు మొదటి విడతలో వెళ్తుందని చెప్పారు.

ఇప్పుడు రెండో మెయిల్ రాయాలి, అదీ మొదటిదాన్ని సరిదిద్దుతూ. సార్ "ఇంకోసారి చింతిస్తున్నాం అని రాసెయ్యండి" అన్నారు. నేను వద్దన్నాను, సాయంత్రం దాకా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాళ్లకి అది కోపం తెప్పిస్తుంది తప్ప ఇంకేమీ చేయదు. చివరికి పంపింది ఇది, సబ్జెక్ట్ లైన్‌లోనే విషయం చెప్పేశాను:

"జీతాలు రేపు ఉదయం జమ అవుతాయి – పొద్దుటి మెయిల్‌కి సవరణ

పొద్దున నేను పంపిన మెయిల్‌లో రెండు విషయాలు తప్పు. ఆలస్యానికి కారణం బ్యాంకు కాదు, మేం పంపిన ఫైల్‌లో లెక్క తేడా ఉండటంతో అది తిరిగి వచ్చింది. సరిచేసిన ఫైల్ ఈ రోజు గడువు దాటాక ఆమోదం పొందింది, అందుకే సాయంత్రం కాక రేపు ఉదయం బ్యాంకు మొదటి విడతలో వెళ్తుంది. జీతం మొత్తంలో ఏ మార్పూ లేదు. దీనివల్ల మీ ఈఎంఐ గానీ ఆటో డెబిట్ గానీ ఫెయిలై ఛార్జీ పడితే, ఆ లైన్ కనిపించే స్టేట్‌మెంట్ నాకు పంపండి, ఆ డబ్బు కంపెనీ ఇస్తుంది. మీ బ్యాంకుకి లేఖ కావాలన్నా ఇస్తాం. రేపు పదకొండు దాటినా పడకపోతే నేరుగా నాకు ఫోన్ చేయండి. క్షమించండి."

ఛార్జీల మాట రాసే ముందు సార్ దగ్గర ఒప్పుకోలు తీసుకున్నాను, దానికే ఇరవై నిమిషాలు పట్టింది. "ఒక్క రోజే కదా" అన్న మాట డ్రాఫ్ట్‌లో ఉంటే తీసేశాను, అది మనం అనాల్సిన మాట కాదు. తప్పు ఎవరిదో పేరు పెట్టి రాయలేదు, సంతకం మాత్రం నాదే పెట్టాను. ఇంకోటి, అందరినీ బీసీసీలో పెట్టాను, లేకపోతే ఎవరో రిప్లై ఆల్ నొక్కి తన ఈఎంఐ గోల ఆఫీసంతటికీ పంచేస్తారు.

మర్నాడు పోర్టల్‌లో 211 వరుసలూ జమ అయినట్టు కళ్లారా చూశాకే "పడ్డాయి" అని రెండు లైన్ల మెయిల్ పంపాను. ముగ్గురు స్టేట్‌మెంట్లు పంపారు, ఒకరు లేఖ అడిగారు. పేస్లిప్ మీద చెల్లింపు తేదీ ఒకటో తారీఖనే ఉండిపోయిందని మధ్యాహ్నం ఇంకొకరు చూపించారు, దాన్ని రెండో తారీఖుగా మార్చి అందరికీ మళ్లీ పంపాల్సి వచ్చింది. ముందు రోజు పొద్దున మొదట అడిగినాయన మాత్రం రెండో మెయిల్‌కి ఒకే ముక్క జవాబిచ్చారు: "సరే మేడమ్, ఇది పొద్దున్నే చెప్పాల్సింది."