లైప్‌జిగ్ నుంచి వియన్నాకు, అడుగు స్వరాల వెంట

పేరు తెలియని పాశ్చాత్య శాస్త్రీయ రచన చెవిన పడినప్పుడు అది ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన మూడు కాలాల్లో దేనిదో, బరోక్ కాలానిదా, క్లాసికల్ కాలానిదా, రొమాంటిక్ కాలానిదా అన్నది విని పోల్చుకోవడం నేర్చుకోవాలన్న కోరికతో జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నాకు ప్రయాణం పెట్టుకున్నాను. కర్ణాటక కచేరీలకు అలవాటుపడిన మన చెవి సహజంగా పైన సాగే రాగాన్నే పట్టుకుంటుంది. ఈ సంగీతంలో మాత్రం కాలం గుర్తు ఎక్కువగా అడుగున, అంటే మంద్రస్థాయిలో వినిపిస్తుందని ఈ యాత్రలో నాకు స్పష్టమైంది.

లైప్‌జిగ్‌లో బరోక్ స్వరకర్త బాఖ్ 1723 నుంచి 1750లో మరణించేవరకు సెయింట్ థామస్ చర్చి సంగీత బాధ్యతలు చూశాడు. ఆ ఊళ్లో ఒక చిన్న హాలులో ఆయన రెండు వయొలిన్ల కన్చెర్టో, అంటే రెండు వయొలిన్లు ముందుండి వాద్యబృందం తోడుగా సాగే రచన విన్నాను. మొదట రెండో వయొలిన్ ఒక ఇతివృత్తాన్ని ఎత్తుకుంటుంది. కొంతసేపటికి మొదటి వయొలిన్ అదే ఇతివృత్తాన్ని పై స్థాయిలో అందుకుంటుంది, అప్పటికి రెండోది ఆగిపోకుండా తన దారిన తాను సాగుతూనే ఉంటుంది. ఎవరిది పాట, ఎవరిది తోడు అని విడదీయడం కష్టం. వీటన్నిటి అడుగున మంద్రంగా పలికే తీగవాద్యం చెల్లో, పియానోకు ముందుతరం మీటల వాద్యం హార్ప్సికార్డ్ కలిసి దాదాపు విరామం లేకుండా నడిచే వరుసను కంటిన్యువో అంటారు. అది వినిపించిందంటే బరోక్ అనుకోవడానికి చాలావరకు ఆధారం దొరికినట్టే.

మర్నాడు అక్కడి విశ్వవిద్యాలయపు వాద్యాల మ్యూజియంలో పియానోను కనిపెట్టిన క్రిస్టోఫోరి 1726లో చేసిన పియానోను చూశాను. హార్ప్సికార్డ్‌లో మీట నొక్కితే తీగను మీటుతుంది కాబట్టి వేలి బలంతో ధ్వని పెద్దగా మారదు. పియానోలో చిన్న సుత్తి తీగను కొడుతుంది కాబట్టి ఎంత మెల్లగా నొక్కితే అంత మెల్లగా పలుకుతుంది. బరోక్ రచనల్లో బిగ్గర, మెల్లన అన్నవి మెట్లు దిగినట్టు మారడం, తర్వాతి కాలాల్లో ధ్వని క్రమంగా పెరిగి తరగడం వినిపించేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకుంటే ఉపయోగపడుతుంది.

వియన్నాలో మొదట విన్నది మోత్సార్ట్ 1788లో రాసిన జి మైనర్ సింఫనీ, అంటే పూర్తి వాద్యబృందం కోసం రాసిన పెద్ద రచన, ఆయన సింఫనీల్లో నలభయ్యవది. వయొలిన్ కంటే కాస్త మంద్రంగా పలికే వయోలాలు గుసగుసలా ఒక చిన్న లయను మొదలుపెడతాయి, క్షణంలో వాటి మీదికి వయొలిన్ల పాట వచ్చి చేరుతుంది. పాట ఒకరిది, తోడు మరొకరిది అన్న విభజన అప్పుడే తేలిపోతుంది. మంద్రవాద్యాలు నిరంతరం నడవవు, అవసరమైన చోట ఊతమిచ్చి తప్పుకుంటాయి. పాట చిన్నచిన్న వాక్యాలుగా విడిపోయి, ఒకటి ప్రశ్నలా, మరొకటి జవాబులా వినిపిస్తుంది. భావంలోని ఉద్వేగాన్ని బట్టి దీన్ని రొమాంటిక్ అనేవారు ఉంటారు, కానీ నా దృష్టిలో భావం నమ్మదగిన గుర్తు కాదు, వరుసలు ఒకదానితో ఒకటి కలిసే తీరు, అంటే అల్లిక, నమ్మదగినది. పైగా ఇందులో ట్రంపెట్లు, టింపనీలనే పెద్ద డోళ్లు లేనే లేవు. ఆనాటి హార్న్‌లనే ఇత్తడి గాలివాద్యాలకు స్వరం మార్చే కవాటాలు లేనందువల్ల ఒక్క హార్న్ అన్ని స్వరాలూ పలకలేకపోయేది, అందుకే మోత్సార్ట్ మొదటి భాగంలో రెండు హార్న్‌లను రెండు వేర్వేరు శ్రుతుల్లో వాడాడు. నిలకడగా పట్టిన కొన్ని స్వరాలే హార్న్‌లో తరచుగా వినబడితే అది ఆ కాలపు జాడ.

ఆ తర్వాత 1870లో ప్రారంభమైన మ్యూజిక్‌ఫెరైన్ స్వర్ణమందిరంలో, నిలబడి వినే చోటు నుంచి బ్రామ్స్ మొదటి సింఫనీ విన్నాను. 1876లో తొలిసారి వినిపించిన ఈ రచన ఆరంభంలో టింపనీ, అతి మంద్రమైన తీగవాద్యం డబుల్ బాస్, అతి మంద్రమైన గాలివాద్యం కాంట్రాబసూన్ ఒకే స్వరాన్ని కొట్టుకుంటూ పోతాయి. దాని మీద వయొలిన్లు, చెల్లోలు పైకి ఎక్కుతుంటే గాలివాద్యాలు కిందికి దిగుతాయి. మధ్యస్థాయి ఎక్కడా ఖాళీగా ఉండదు, వాక్యం ఎక్కడ ముగిసిందో తేలదు. రొమాంటిక్ అల్లిక అంటే ఇదే. అయితే వాద్యాల లెక్కతోనే తీర్పు చెప్పబోతే ఇక్కడ మోసపోతాం. బ్రామ్స్ సింఫనీలో ట్రోంబోన్లనే ఇత్తడి గాలివాద్యాలు చివరి భాగం వచ్చేదాకా మౌనంగానే ఉంటాయి, మరోవైపు 1808లో తొలిసారి వినిపించిన బేతోవెన్ అయిదో సింఫనీ చివరి భాగంలో ట్రోంబోన్లు, కాంట్రాబసూన్ అప్పటికే ఉన్నాయి. బేతోవెన్ చివరి రచనలను ఒకే గూటిలో పెట్టడం నిజంగా కష్టం.

అడుగు స్వరాల పరీక్షకూ కఠినమైన సందర్భం ఒకటి ఉంది. అదే 1788లో మోత్సార్ట్ రాసిన నలభై ఒకటో సింఫనీ ముగింపులో అయిదు ఇతివృత్తాలు ఒకదానిలో ఒకటి అల్లుకుంటాయి, వింటుంటే బాఖ్ గుర్తుకొస్తాడు. అయినా అక్కడ కంటిన్యువో నడక లేదు, మంద్రవాద్యాలు కూడా తమ వంతు వచ్చినప్పుడు ఇతివృత్తాన్ని అందుకుంటాయి, ట్రంపెట్లు, టింపనీలు ప్రధానంగా వాక్యం ముగిసే చోట్ల తోడై ముగింపును గట్టిపరుస్తాయి. అందువల్ల ఆ అల్లికలో బరోక్ పనితనం ఎంత ఉన్నా, దాన్ని క్లాసికల్ రచనగానే వింటాను.