సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండిని పాలిష్ చేసి, సెంటు కొట్టి అమ్మితే పైకి ఏమీ తెలియదు. అందుకే పాత కారు కొనేటప్పుడు మొదట సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ బయటికి రాని ఆ చివరి మూరలో బురద చార కనబడితే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అదే చెబుతుంది. బెల్టు మరీ కొత్తగా ఉన్నా అనుమానించాల్సిందే, మార్చేసి ఉంటారు. తర్వాత కార్పెట్ ఎత్తి కింది స్పాంజి తడిమి చూడండి, సీటు బోల్టుల తుప్పు చూడండి.

ఆపైన పాత బీమా పాలసీ కాపీ అడగండి. క్లెయిమ్ చేయని ఏడాదికి ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ నాలుగేళ్ల బండికి సున్నా ఉంటే కిందటేడు క్లెయిమ్ జరిగి ఉండొచ్చు, పాలసీ లాప్స్ అయి ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగిందో బీమా కంపెనీకే ఫోన్ చేసి, పాలసీ నంబరు చెప్పి కనుక్కోవాలి.

ఇదంతా ఎందుకంటే, తడిసిన వైరింగ్ కనెక్టర్లు నెలల తర్వాత పచ్చగా చిలుము పట్టి పాడవుతాయి. బీమా సర్వేయరు అది పాత నష్టమని తేలిస్తే పాలసీ ఉన్నా క్లెయిమ్ రాదు, ఆ ఖర్చంతా కొన్నవాళ్ల మీదే పడుతుంది.